విదేశీ క్లయింట్ల సొమ్ముకు పన్ను: మొత్తం రాబడిని తేల్చిన వైనం

విదేశాల్లోని సంస్థలకు ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చే నాలాంటివాళ్లకు జీతం స్లిప్పు ఉండదు, ఫారం 16 రాదు. మన తరఫున పన్ను మినహాయించి కట్టేవారు కూడా ఉండరు. అందువల్ల ఏడాది చివర ఆదాయం ఎంతో మనమే తేల్చి, మనమే నిరూపించుకోవాలి. 2024-25 ఆర్థిక సంవత్సరానికి నేను రిటర్ను వేసినప్పుడు పన్ను రేట్లు, శ్లాబుల గురించి పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు. సమయమంతా ఒకే ప్రశ్న మీద గడిచింది: నా మొత్తం రాబడి ఎంత? ఖర్చుల విషయమూ, రికార్డుల విషయమూ ఆ ప్రశ్నకు ముడిపడే ఉన్నాయి కాబట్టి ఆ లెక్క ఎలా సాగిందో వివరంగా రాస్తున్నాను.

నాకు ఆ సంవత్సరం రెండు దారుల్లో సొమ్ము వచ్చింది. అమెరికాలోని ఒక క్లయింటు నెలకు 2,500 డాలర్ల ఇన్‌వాయిస్‌ను నేరుగా బ్యాంకు ద్వారా చెల్లించేవారు. మిగిలిన చిన్న పనులన్నీ ఒక ఫ్రీలాన్స్ ప్లాట్‌ఫాం ద్వారా వచ్చేవి. ఆ ప్లాట్‌ఫాం నా సంపాదనలో పది శాతం తన ఫీజుగా పట్టుకుని, మిగిలింది నా బ్యాంకుకు పంపేది. మొదట్లో నేను బ్యాంకు స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని, విదేశాల నుంచి జమ అయిన మొత్తాలన్నీ కూడితే దాదాపు 34 లక్షల రూపాయలు వచ్చింది. దానిని మా ఆడిటరు గారి దగ్గరకు తీసుకెళ్లినప్పుడు ఆవిడ అన్న మొదటి మాట ఇది: "ఇది మీకు చేరిన సొమ్మండీ. మీరు సంపాదించిన సొమ్ము ఎంతో ఇందులో కనిపించదు. ఇన్‌వాయిస్‌ల నుంచి మొదలుపెట్టండి."

ఆ మాటలోని తేడా అర్థం కావాలంటే ఒక్క ఇన్‌వాయిస్ ప్రయాణాన్ని చూస్తే చాలు. జూన్‌లో నేను పంపిన 2,500 డాలర్ల బిల్లుకు క్లయింటు పూర్తిగా 2,500 డాలర్లే చెల్లించారు. దారిలో ఒక మధ్యవర్తి బ్యాంకు 18 డాలర్లు పట్టుకోగా నా బ్యాంకుకు 2,482 డాలర్లు చేరాయి. బ్యాంకు డాలరుకు 83.10 రూపాయల చొప్పున మార్చితే 2,06,254 రూపాయలు అయింది. కరెన్సీ మార్పిడి సేవ మీద జీఎస్టీ కూడా ఉంటుంది. మార్చిన సొమ్ము లక్షకూ పది లక్షలకూ మధ్య ఉన్నప్పుడు, మొదటి లక్షకు వెయ్యి రూపాయలు, ఆపైన ఉన్నదానిలో అర శాతం కలిపి సేవ విలువగా తీసుకుని, ఆ విలువ మీద 18 శాతం వేస్తారు. నా విషయంలో అది 276 రూపాయలు. బ్యాంకు తన రుసుము 500, దాని మీద జీఎస్టీ 90 కూడా తీసుకుంది. చివరికి ఖాతాలో జమ అయింది 2,05,388 రూపాయలు. కానీ క్లయింటు నా బాకీ తీర్చడానికి చెల్లించింది 2,500 డాలర్లు, అంటే అదే రేటుకు 2,07,750 రూపాయలు. రాబడి ఇదీ. మధ్యలో తగ్గిన 2,362 రూపాయలు నా ఖర్చు.

ప్లాట్‌ఫాం సొమ్ము విషయంలో ఈ తేడా ఇంకా పెద్దది. నా చేతికి వచ్చింది తొమ్మిది లక్షల పైచిలుకే అయినా, క్లయింట్లు నా పనికి కట్టింది 10,10,000 రూపాయలు. ఫీజుగా పోయిన 1,01,000 రూపాయలు ప్లాట్‌ఫాం నాకు ఇచ్చిన బిల్లుల్లో స్పష్టంగా ఉన్నాయి. బ్యాంకు ద్వారా వచ్చిన క్లయింటు రాబడి 25,20,000 రూపాయలు, ఇది 10,10,000 రూపాయలు, కలిపి 35,30,000. బ్యాంకు స్టేట్‌మెంటు చెప్పిన దానికంటే సుమారు లక్షా ముప్పై వేలు ఎక్కువ.

ఖర్చులను విడిగా చూపించి తగ్గించుకునేవారికి ఈ తేడా వల్ల చివరికి పన్నులో మార్పు రాదు, ఎందుకంటే రాబడి వైపు పెరిగినంత ఖర్చు వైపూ పెరుగుతుంది. కానీ నేను ఎంచుకున్నది ఆ ఏడాదికి వర్తించిన 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షన్. నిర్దేశించిన వృత్తుల్లో ఉన్న నివాసులు ఈ సెక్షన్ కింద మొత్తం రాబడిలో సగాన్ని లాభంగా చూపి, ఆ సగం మీద పన్ను కట్టవచ్చు. సమాచార సాంకేతిక వృత్తి కూడా ఆ జాబితాలోనే ఉంది. రాబడి పరిమితి 50 లక్షలు. నగదు రూపంలో వచ్చింది మొత్తంలో ఐదు శాతం దాటకపోతే 75 లక్షలు. మనకు వచ్చేదంతా బ్యాంకు ద్వారానే కాబట్టి 75 లక్షల పరిమితే వర్తిస్తుంది. ఈ పద్ధతిలో మిగతా సగం ఖర్చులన్నింటికీ సరిపోయినట్టే లెక్క. ప్లాట్‌ఫాం ఫీజు, బ్యాంకు చార్జీలు కూడా ఆ సగంలోకే వస్తాయి. చేతికి వచ్చిన 34 లక్షలను రాబడిగా చూపి, అందులో మళ్లీ సగం తీసేస్తే, ఫీజును రెండుసార్లు తగ్గించుకున్నట్టు అవుతుంది. నా లెక్కలో ఆ తేడా వల్ల లాభం 65 వేలు తక్కువగా కనిపించేది, పన్ను దాదాపు 20 వేలు తగ్గేది. తర్వాత ఎవరైనా ఇన్‌వాయిస్‌లు అడిగితే సమాధానం చెప్పలేని తేడా అది.

ఏ మార్గం ఎంచుకోవాలో తేల్చుకోవడానికి అసలు ఖర్చులను కూడా ఒకసారి నిజాయితీగా రాసి చూశాను. పని మీద సాయపడిన ఒక టెస్టరుకు ఏడాదిలో ఇచ్చింది 3,60,000 రూపాయలు. క్లౌడ్ సర్వర్లకు, టూల్స్ చందాలకు 1,10,000. కోవర్కింగ్ స్థలానికి 96,000. ప్లాట్‌ఫాం ఫీజు 1,01,000, బ్యాంకు కోతలు దాదాపు 28,000, ఆడిటరు ఫీజు 25,000. ఇంట్లో ఇంటర్నెట్ బిల్లు 12,000 అయినా ఇంట్లోవాళ్లు కూడా వాడతారు కాబట్టి అందులో 70 శాతం, అంటే 8,400 మాత్రమే వేసుకున్నాను. కరెంటులో పని గదికి చెందిన వాటా 15,000. నవంబరులో లక్షా నలభై వేలు పెట్టి కొన్న ల్యాప్‌టాప్‌ను మొత్తంగా ఖర్చులో వేయడం కుదరదు. కంప్యూటర్ల మీద తరుగుదల ఏడాదికి 40 శాతం, అదీ ఆ సంవత్సరంలో 180 రోజులకు తక్కువగా వాడితే అందులో సగమే. కనుక 28,000. ఇవన్నీ కలిపితే 7,71,400 అయ్యాయి. ఈ లెక్కన అసలు లాభం 27,58,600 రూపాయలు, 44ఏడీఏ కింద లాభం 17,65,000 రూపాయలు.

ఆ సంవత్సరపు కొత్త పన్ను విధానం ప్రకారం మొదటి దానికి సెస్సుతో కలిపి పన్ను 5,38,283 రూపాయలు, రెండో దానికి 2,28,280 రూపాయలు. జీతగాళ్లకు ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ వృత్తి ఆదాయానికి రాదు కాబట్టి దానిని ఎక్కడా కలపలేదు.

ఇంత తేడా చూసినప్పుడు నాకు నిజంగానే సందేహం వచ్చింది. అసలు లాభం రాబడిలో డెబ్బై ఎనిమిది శాతం ఉండగా సగమే చూపడం సరైనదేనా అని ఆడిటరు గారిని అడిగాను. సెక్షన్ పాఠాన్ని ఆవిడ చదివి వినిపించారు: రాబడిలో 50 శాతం, లేదా అంతకంటే ఎక్కువ సంపాదించినట్టు తాను చెప్పుకుంటే ఆ మొత్తం. ఖాతా పుస్తకాలు నిర్వహించే భారం లేకుండా చేయడానికే చట్టం ఈ సగం అనే కొలతను పెట్టింది. కాబట్టి సగం చూపడం చట్టం ఇచ్చిన వీలే. అయితే ఆవిడ ఇంకో మాట కూడా చెప్పారు. చూపిన ఆదాయం 17 లక్షలైతే, ఆ ఏడాది నా పొదుపు, పెట్టుబడులు అంతకు మించి కనిపించినప్పుడు ఆ సొమ్ము ఎక్కడిదని ప్రశ్న రావచ్చు. అప్పుడు మిగిలినది కూడా ఈ వృత్తి రాబడిలోదే అని చూపగలగాలి. అందుకే ఈ మార్గంలో ఉన్నవారికి పుస్తకాలు అక్కర్లేదన్న మాటను కాగితాలే అక్కర్లేదని అర్థం చేసుకోవడం ప్రమాదమని నా అభిప్రాయం. ఖర్చుల బిల్లులు లేకపోయినా నడుస్తుందేమో గానీ, రాబడికి సంబంధించిన ఒక్క కాగితం కూడా తప్పిపోకూడదు.

ఈ లెక్క అందరికీ ఇలాగే రాదు. నా మిత్రుడొకరు పెద్ద ప్రాజెక్టు తీసుకుని ఇద్దరు డెవలపర్లను పెట్టుకున్నారు. ఆయన రాబడి 28 లక్షలు, ఖర్చులు పద్దెనిమిదిన్నర లక్షలు. అసలు లాభం తొమ్మిదిన్నర లక్షలే అయినా 44ఏడీఏ కింద 14 లక్షలు చూపాలి. సగం కంటే తక్కువ లాభం చూపదలిస్తే, మొత్తం ఆదాయం పన్ను లేని పరిమితిని దాటినప్పుడు, పూర్తి ఖాతా పుస్తకాలు రాయాలి, చార్టర్డ్ అకౌంటెంటుతో టాక్స్ ఆడిట్ చేయించాలి. ఆడిట్ నివేదికకు గడువు సాధారణంగా సెప్టెంబరు 30. ఆయన ఆ దారిలోనే వెళ్లారు. అలా వెళ్లేవారికి ఖర్చు వైపు కాగితాలే ప్రాణం. ఒక మనిషికి ఒకే రోజున పది వేలకు మించి నగదుగా ఇచ్చిన ఖర్చును చట్టం ఒప్పుకోదు కాబట్టి డెవలపర్లకు చెల్లింపులన్నీ బ్యాంకు ద్వారా, వారి బిల్లు చూశాకే జరగాలి. 44ఏడీఏలో ఒక ఏడాది ఉండి మరుసటి ఏడాది బయటకు వచ్చినా, చిన్న వ్యాపారాలకు వర్తించే 44ఏడీ సెక్షన్‌లో మాదిరిగా ఐదేళ్ల నిషేధం ఇక్కడ లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. సగం పద్ధతిలో ఉన్న ఏడాదికి కూడా తరుగుదల తీసుకున్నట్టే చట్టం భావిస్తుంది. నేను మరుసటి ఏడాది అసలు ఖర్చుల పద్ధతికి మారితే నా ల్యాప్‌టాప్ విలువ 1,12,000 నుంచి మొదలవుతుంది, కొన్న ధర నుంచి కాదు.

రాబడిని తేల్చడంలో తర్వాతి చిక్కు జీఎస్టీ వైపు నుంచి వచ్చింది. సేవలు అందించేవారి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే సాధారణంగా రిజిస్ట్రేషన్ తప్పదు. విదేశీ క్లయింటుకు ఇచ్చిన సేవ ఎగుమతి కాబట్టి దాని మీద పన్ను సున్నా అయినా, ఆ పరిమితి లెక్కలో ఆ సొమ్మంతా కలుస్తుంది. నేను రిజిస్టరై, పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ప్రతి ఏడాదీ పోర్టల్‌లో RFD-11 ద్వారా అండర్‌టేకింగ్ లెటర్ వేస్తున్నాను. ఇలా రిజిస్టరైనవారు విదేశీ ప్లాట్‌ఫాం ఫీజు మీద, విదేశీ సర్వర్ల బిల్లు మీద రివర్స్ ఛార్జ్ పద్ధతిలో జీఎస్టీని తామే కట్టి, తర్వాత దాన్ని క్రెడిట్‌గా తీసుకోవలసి ఉంటుంది. అది వేరే వ్యవహారం. ఇక్కడ మనకు కావలసింది టర్నోవరు అంకె. నేను జీఎస్టీ రిటర్నుల్లో చూపిన ఏడాది టర్నోవరు 35,39,600 రూపాయలు. ఆదాయపు పన్ను రిటర్నులో మనం జీఎస్టీ నంబరు, దాని కింద చూపిన టర్నోవరు రాయాలి, పైగా ఆ అంకె శాఖ మనకు చూపే వార్షిక సమాచార నివేదికలో కూడా కనిపిస్తుంది. నా రాబడి 35,30,000. తొమ్మిది వేల ఆరు వందల తేడా చిన్నదే, కానీ అది ఎందుకు వచ్చిందో చెప్పలేకపోతే చిన్నదైనా తేడాయే.

కారణం రెండు లెక్కలు వేర్వేరు రోజుల్ని చూడటమే. జీఎస్టీలో నేను ఇన్‌వాయిస్ ఇచ్చిన నెలనే, ఆనాటి డాలరు రేటుతోనే చూపుతాను. ఆదాయపు పన్నుకు నేను మొదటి నుంచీ నగదు పద్ధతి పాటిస్తున్నాను, అంటే సొమ్ము అందిన రోజునే రాబడి. వృత్తి ఆదాయానికి ఈ పద్ధతి ఎంచుకునే వీలు చట్టంలో ఉంది, కానీ ఒకసారి ఎంచుకున్నాక ఏటా అదే పాటించాలి. దీనివల్ల 2025 మార్చి ఇన్‌వాయిస్ 2,14,000 రూపాయలు జీఎస్టీలో ఆ ఏడాదికి చేరింది, సొమ్ము ఏప్రిల్‌లో వచ్చింది కాబట్టి ఆదాయంలో మరుసటి ఏడాదికి వెళ్లింది. 2024 మార్చి ఇన్‌వాయిస్ తాలూకు 2,08,000 రూపాయలు 2024 ఏప్రిల్‌లో అందినందువల్ల ఈ ఏడాది ఆదాయంలో ఉంది, జీఎస్టీలో లేదు. 35,39,600 నుంచి 2,14,000 తీసి 2,08,000 కలిపితే 35,33,600. మిగిలిన 3,600 ఇన్‌వాయిస్ నాటి రేటుకూ సొమ్ము అందిన నాటి రేటుకూ మధ్య తేడా. ఈ నాలుగు వరుసల పట్టికను ఒక పేజీలో రాసి రిటర్ను కాపీతో కలిపి దాచాను. ఎవరూ అడగకపోయినా ఈ పట్టిక వేసి చూసుకోమని నాలాంటి పనిలో ఉన్నవారికి గట్టిగా చెబుతాను, ఎందుకంటే అంకె కుదరనప్పుడు ఏ ఇన్‌వాయిస్ తప్పిపోయిందో అక్కడే బయటపడుతుంది.

నగదు పద్ధతి కాకుండా బిల్లు వేసిన రోజునే ఆదాయంగా చూపేవారికి, మార్చి 31 నాటికి ఇంకా అందని డాలర్ల బిల్లును ఆ రోజు స్టేట్ బ్యాంకు టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్ కొనుగోలు రేటుతో రూపాయల్లోకి మార్చాలని నిబంధన 115 చెబుతుంది. గూగుల్ చూపే రేటు దానికి పనికిరాదు.

బ్యాంకు ఇచ్చే విదేశీ జమ పత్రాలు నాకు ఇంకో పాఠం నేర్పాయి. ప్రతి జమకూ బ్యాంకు నుంచి ఒక ధ్రువపత్రం వస్తుంది. అందులో పంపినవారి పేరు, డాలర్ల మొత్తం, మార్చిన రేటు, సొమ్ము దేనికి వచ్చిందో తెలిపే పర్పస్ కోడ్ ఉంటాయి. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి సరైన కోడ్ `P0802`. ఒక నెల పత్రంలో `P1301` అని ఉంది. అది ప్రవాస భారతీయులు కుటుంబ పోషణకు పంపే సొమ్ము కోడ్. ఆ కోడ్ అలాగే ఉంటే ఆ జమ సేవల ఎగుమతి కింద వచ్చిన సొమ్మని బ్యాంకు పత్రం ద్వారా చూపలేను, జీఎస్టీ వైపు ఎగుమతికి ఆధారం బలహీనపడుతుంది. ఇన్‌వాయిస్, ఒప్పందం జతచేసి బ్యాంకు శాఖకు రాతపూర్వకంగా పంపితే కొన్ని వారాల తర్వాత సరిచేసిన పత్రం ఇచ్చారు. సంవత్సరం చివర్లో కాకుండా పత్రం వచ్చిన వారంలోనే కోడ్ చూసుకోవడం వల్లనే అది సులువైంది.

అమెరికా క్లయింటు మొదట్లోనే డబ్ల్యూ-8బెన్ ఫారం నింపి ఇవ్వమన్నారు. నేను అమెరికా పౌరుడిని కాదని, అక్కడి నివాసిని కాదని తెలిపే పత్రం అది. పని మొత్తం భారతదేశంలోనే కూర్చుని చేస్తాను కాబట్టి అక్కడ నా సొమ్ములో పన్ను ఏమీ పట్టుకోలేదు. ఒకవేళ ఆ ఏడాది ఏ దేశంలోనైనా పన్ను పట్టుకుని ఉంటే, అలా పట్టుకున్నట్టు చూపే పత్రం తెచ్చుకుని, ఇక్కడ ఫారం 67 ద్వారా ఆ పన్నుకు క్రెడిట్ అడగాల్సి వచ్చేది. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. విదేశంలో మన పేరిట ఖాతా ఉండి డాలర్లు అక్కడ నిలిచి ఉంటే సులభమైన ఐటీఆర్-4 వాడటానికి వీల్లేదు. ఆ ఖాతా వివరాలతో ఐటీఆర్-3 వేయాలి. 44ఏడీఏను ఐటీఆర్-3లోనూ వాడుకోవచ్చు.

ముందస్తు పన్ను విషయం నాకు పెద్ద భారం కాలేదు. మామూలుగా జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల పదిహేనో తేదీల్లో నాలుగు వాయిదాలు కట్టాలి. 44ఏడీఏలో ఉన్నవారు మొత్తం ఒకేసారి మార్చి 15 లోపు కడితే చాలు. మార్చి మొదటివారంలో అప్పటిదాకా అందిన రాబడికి, ఆ నెలలో రావలసిన సొమ్మును అంచనా వేసి కలిపి, రెండు లక్షల ముప్పై వేలు కట్టాను. అలా కట్టకుండా జూలైలో రిటర్ను వేసేటప్పుడే కట్టి ఉంటే, నా పన్ను మీద నెలకు ఒక శాతం చొప్పున ఏప్రిల్ నుంచి జూలై వరకు 9,128 రూపాయలు, మార్చి వాయిదా తప్పినందుకు మరో 2,282 రూపాయలు వడ్డీ పడేది. ఆ ఏడాది రిటర్ను గడువును సెప్టెంబరు దాకా పొడిగించారు గానీ, గడువు పొడిగించినంత మాత్రాన ఈ వడ్డీ ఆగదు.

ఇప్పుడు నా దగ్గర ప్రతి ఇన్‌వాయిస్‌కు ఒక ఫోల్డరు ఉంది. అందులో ఇన్‌వాయిస్, బ్యాంకు ధ్రువపత్రం, ప్లాట్‌ఫాం అయితే దాని ఫీజు బిల్లు, ఆ జమ కనిపించే స్టేట్‌మెంటు పేజీ ఉంటాయి. ఫోల్డరు పేరు ఇలా పెడతాను:

```
2024-25_INV-03_2500USD_rcvd-2024-06
```

పట్టికలో దానికి ఒక వరుస, ఆ వరుసలో ఇన్‌వాయిస్ తేదీ, సొమ్ము అందిన తేదీ, డాలర్లు, రేటు, రూపాయల్లో మొత్తం రాబడి, ఒక్కో కోత, చివరికి జమ అయిన మొత్తం ఉంటాయి. మొత్తం రాబడి నుంచి కోతలన్నీ తీసేస్తే జమ అయిన మొత్తం పైసాతో సహా రావాలి. రాకపోతే ఎక్కడో ఒక రుసుము నా కంటికి కనిపించలేదని అర్థం. ఖాతా పుస్తకాలు రాయాల్సిన వృత్తులవారు వాటిని సంబంధిత అసెస్‌మెంటు సంవత్సరం ముగిసిన తర్వాత ఆరేళ్ల వరకు దాచాలని నిబంధన 6ఎఫ్ చెబుతుంది. నేనూ ఆ గడువునే పాటిస్తూ 2024-25 ఫోల్డర్లను 2032 మార్చి వరకు ఉంచుతున్నాను. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారినా, పాత సంవత్సరాల లెక్కలు పాత చట్టం ప్రకారమే చూస్తారు కాబట్టి వాటి కాగితాలను పాత నంబర్లతోనే ఉంచాను.